డ్రిబుల్‌ను తెలుగులో ఏమనాలి? ఆటల క్రియలు ఎంచుకునే పద్ధతి

స్కూల్ స్పోర్ట్స్ మీట్ రిపోర్టు రాసే పీఈటీ సార్లూ, మండలం నుంచి మ్యాచ్ వార్త పంపే విలేకరులూ, స్కోర్లు చదివే కుర్రాళ్లూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "డ్రిబుల్‌కు తెలుగేంటి? సర్వ్‌కు? లంజ్‌కు?" నిఘంటువు తిరగేస్తే ఏదో ఒక మాట దొరుకుతుంది. దాన్ని వాక్యంలో పెట్టి ఆ ఆట ఆడేవాడికి చదివి వినిపిస్తే నవ్వుతాడు.

చిక్కేమిటంటే, ఈ మాటలు ఇంగ్లిష్‌లోనే ఒక్కో ఆటలో ఒక్కో పని చెబుతాయి. బాస్కెట్‌బాల్‌లో డ్రిబుల్ వేరు, హాకీలో వేరు, మన షటిల్ కోర్టుల్లో ఇంకా వేరు. అందుకే అక్షర క్రమంలో జాబితా రాసుకుంటే పనికిరాదు. ఆటవారీగా రాసుకోవాలి. ఆ జాబితా తయారు చేసుకునే పద్ధతి ఇది.

కావలసినవి

నాలుగు నిలువు వరుసలు గీసిన నోటు పుస్తకం, లేదా ఫోన్‌లో ఒక షీట్. వరుసలకు ఈ పేర్లు పెట్టండి: ఆట, మైదానంలో అనే మాట, ఒళ్లు చేసే పని, పూర్తి తెలుగు వాక్యం. నాలుగోదానిలో విడి మాట రాయొద్దు, వాక్యమే రాయండి. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

ఆ ఆట నిబంధనల ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి. అంతర్జాతీయ సమాఖ్యల సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. పది నిమిషాల మ్యాచ్ వీడియో ఒకటి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఆట ఆడే మనిషి ఒకరు ఫోన్లో అందుబాటులో ఉండాలి. కోచే కానక్కర్లేదు, జిల్లా స్థాయిలో ఆడిన పిల్ల అయినా చాలు.

1. సౌండ్ తీసేసి చూడండి

వీడియోను మ్యూట్‌లో పెట్టి చూడండి. వ్యాఖ్యాత గొంతు వినబడితే అతని మాటే మీ చేతిలోకి వచ్చేస్తుంది. ఒక్కో కదలికకూ మూడో వరుసలో మూడే సంగతులు రాయండి: ఏ అవయవం కదిలింది, దేన్ని తాకింది, ఆ వస్తువు ఎటు పోయింది. "బాగా ఆడింది", "అద్భుతంగా తిప్పికొట్టింది" లాంటివి ఇక్కడ రాయొద్దు.

డ్రిబుల్‌నే తీసుకుందాం. మూడు ఆటల వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ మూడో వరుస ఇలా వస్తుంది.

బాస్కెట్‌బాల్: అరచేత్తో బంతిని నేలకు అదుముతూ ముందుకు నడుస్తున్నాడు. బంతి నేలను తాకి మళ్లీ చేతికి వస్తోంది.

ఫుట్‌బాల్: పరిగెడుతూ పాదంతో బంతిని చిన్న చిన్న దెబ్బలతో తన ముందే ఉంచుకుంటున్నాడు. ఎదుటివాడిని తప్పించుకుని పోతున్నాడు.

హాకీ: స్టిక్ చివరను బంతికి ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ బంతిని కుడికీ ఎడమకీ జరుపుతున్నాడు. హాకీలో స్టిక్ బల్లపరుపు వైపుతోనే బంతిని ఆడాలి. గుండ్రటి వెనక వైపుతో ఆడితే ఫౌల్. అందుకే మణికట్టు అలా తిరుగుతుంది.

ఈ మూడిటినీ కలిపే తెలుగు మాట లేదు, అవసరమూ లేదు. బాస్కెట్‌బాల్‌కు "బంతిని నేలకు కొట్టుకుంటూ ముందుకెళ్లాడు", ఫుట్‌బాల్‌కు "బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఇద్దరిని దాటాడు", హాకీకి "స్టిక్‌తో బంతిని అటూ ఇటూ ఆడిస్తూ డీలోకి దూసుకెళ్లాడు" అంటే సరిపోతుంది. ఆట తెలిసిన పాఠకులకే రాస్తుంటే "డ్రిబుల్ చేస్తూ" అని వదిలేయండి, తప్పేమీ లేదు. "చిందించు", "కారించు" లాంటి నిఘంటువు మాటలు మాత్రం వద్దు. అవి చిన్నపిల్లల నోట్లోంచి కారే చొంగకు సంబంధించినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బాస్కెట్‌బాల్‌లో డ్రిబుల్ మామూలు వర్ణన మాట కాదు, నిబంధన మాట. ఆటగాడు ఒకసారి డ్రిబుల్ ఆపి బంతిని రెండు చేతులతో పట్టుకున్నాక మళ్లీ మొదలుపెట్టకూడదు. అది డబుల్ డ్రిబుల్, బంతి ఎదుటి జట్టుకు పోతుంది. కాబట్టి ఉల్లంఘన గురించి రాసేటప్పుడు "డబుల్ డ్రిబుల్" అనే మాటను అలాగే ఉంచండి. దాన్ని తెలుగు చేయబోతే పాఠకుడికి రిఫరీ ఎందుకు విజిల్ వేశాడో అర్థం కాదు.

2. మైదానంలో ఏమంటారో అడగండి

రెండో వరుసకు నిబంధనల పుస్తకం కాదు, మైదానమే ఆధారం. మన షటిల్ కోర్టుల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పుస్తకంలో క్లియర్ అనీ లిఫ్ట్ అనీ ఉండే దెబ్బల్ని మన అకాడమీల్లో చాలామంది పిల్లలు "టాస్" అంటారు. షటిల్‌ను ఎత్తుగా వెనక గీత దాకా పంపడం అన్నమాట. నెట్‌కు ఆనుకుని షటిల్‌ను సన్నగా తాకించి అవతలికి జార్చే దెబ్బను "డ్రిబుల్" అంటారు. బాస్కెట్‌బాల్ తెలిసిన సబ్ ఎడిటర్ ఈ మాట చూసి "బ్యాడ్మింటన్‌లో డ్రిబుల్ ఏంటి?" అని కొట్టేస్తాడు. కొట్టేయక్కర్లేదు. కానీ కోర్టు బయటి పాఠకుడికి అది తెలియదు కాబట్టి నాలుగో వరుసలో విడమరచండి: "నెట్ దగ్గర షటిల్‌ను సన్నగా తాకించి అవతల జార్చింది."

టాస్ మాటతో ఇంకో ప్రమాదం ఉంది. మ్యాచ్ మొదట్లో నాణెం ఎగరేసేదీ టాసే. "టాస్‌తో పాయింట్ గెలిచింది" అని రాస్తే పాఠకుడు తికమక పడతాడు. అచ్చులో "ఎత్తుగా వెనక్కి పంపి" అనండి.

3. తోడు క్రియ సరిచూడండి

ఇంగ్లిష్ క్రియ తెలుగులోకి వచ్చేటప్పుడు నామవాచకం అయిపోతుంది. దాని వెంట మన క్రియ ఒకటి కావాలి. అందరూ చేసే పొరపాటు అన్నిటికీ "చేయు" తగిలించడం. మైదానంలో వినండి: షాట్ కొడతారు, పాస్ ఇస్తారు, క్యాచ్ పడతారు, వికెట్ తీస్తారు, ఖో ఇస్తారు, పంచ్ విసురుతారు, కూతకు వెళతారు. "పాస్ చేశాడు" అంటే పరీక్ష గుర్తొస్తుంది.

అసలు ప్రమాదం స్నాచ్‌తో. వెయిట్‌లిఫ్టింగ్‌లో బార్‌ను నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం స్నాచ్. ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి, ఇలా రెండు దఫాల్లో ఎత్తితే క్లీన్ అండ్ జెర్క్. "110 కిలోలు స్నాచ్ చేసింది" అని రాసి చూడండి, జిల్లా పేజీలో వచ్చే చెయిన్ స్నాచింగ్ వార్తలా ఉంటుంది. తెలుగులో ఎత్తే పనికి "ఎత్తు" అనే క్రియ చక్కగా ఉంది. ఆట మాటకు "లో" చేర్చి, క్రియను మనదే వాడండి: 2000 సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. వాక్యంలో ఎక్కడా తడబాటు లేదు కదా. "లో" పద్ధతి జిమ్నాస్టిక్స్‌కూ, ఈతకూ పనికొస్తుంది.

ఇక లంజ్. తెలుగు లిపిలో ఈ మాట ఒక బూతుకు అర అక్షరం దూరంలో ఉంది. ఫోన్ కీబోర్డు ఆ అర అక్షరాన్ని తనంతట తనే పూర్తి చేస్తుంది కూడా. శీర్షికలో వాడొద్దు. వార్తలోనూ వీలైనంత వరకు తప్పించండి. తప్పించడం కష్టం కాదు, ఎందుకంటే ఇదీ ఆటకో తీరుగా ఉండే పనే.

ఫెన్సింగ్‌లో ముందు కత్తి పట్టిన చెయ్యి చాచి, తర్వాత ముందు పాదం లేపి ముందుకు వేస్తారు. వెనక కాలు నిటారుగా సాగుతుంది, ఆ పాదం నేల మీదే ఉంటుంది. దాడి చేసే కదలిక ఇది. బ్యాడ్మింటన్‌లో రాకెట్ చేతివైపు కాలును దూరంగా చాచి, మడమ ముందు ఆనించి, షటిల్ అందుకుని, ఆ కాలితోనే తన్నుకుని మళ్లీ కోర్టు మధ్యకు వస్తారు. ఇది దాడి కాదు, అందుకోవడం. కాబట్టి ఫెన్సింగ్‌కు "కాలు చాచి దాడి చేసింది", బ్యాడ్మింటన్‌కు "కాలు చాచి అందుకుంది". రెండింటిలో చాచడం ఒకటే, చివరి క్రియ వేరు. ఆ చివరి క్రియే పాఠకుడికి ఆటను చూపిస్తుంది.

ఫెన్సింగ్ రాసేవాళ్లు ఇంకో చోట జారిపడతారు. ఫాయిల్, ఎపే అనే రెండు కత్తులతో మొనతోనే తాకించాలి, కాబట్టి "పొడిచింది" అనొచ్చు. సేబర్‌లో అంచుతో కొట్టినా చెల్లుతుంది. మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆడిన మొదటి క్రీడాకారిణి భవానీ దేవిది సేబరే. టోక్యోలో తొలి పోరు 15-3తో గెలిచింది. ఆ 15 "పొడిచింది" అని రాయలేం. కొన్ని అంచు దెబ్బలై ఉండొచ్చు. రీప్లే చూడకపోతే "పాయింట్లు సాధించింది" దగ్గరే ఆగండి.

4. నిబంధనతో సరిపోల్చండి

నాలుగో వరుసలో రాసిన వాక్యంలోని పని ఆ ఆటలో అసలు జరగవచ్చా? ఈ ప్రశ్నకు సర్వ్ మంచి పరీక్ష. సర్వ్ చేయడం, సర్వీస్ చేయడం రెండూ తెలుగులో స్థిరపడ్డాయి, ఏదైనా వాడండి. తేడా అంతా దాని వెంట రాసే మాటల్లో ఉంది.

టెన్నిస్‌లో తల పైకి బంతి ఎగరేసి కొడతారు. రెండు అవకాశాలు ఉంటాయి. "రెండో సర్వ్‌లో గురి తప్పింది" అనేది టెన్నిస్‌లోనే అర్థం ఉన్న వాక్యం.

బ్యాడ్మింటన్‌లో ఒకే అవకాశం. అంతర్జాతీయ పోటీల్లో రాకెట్ తాకే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఎత్తులో ఉండాలి. అంటే సర్వ్ కింది నుంచే వస్తుంది. "బుల్లెట్ సర్వ్‌తో విరుచుకుపడింది" అని రాస్తే, ఆట చూసినవాళ్లకు మీరు చూడలేదని తెలిసిపోతుంది. "నెట్‌ను రాసుకుంటూ పొట్టి సర్వ్ వేసింది", "చివరి క్షణంలో మణికట్టు విదిల్చి వెనక్కి సర్వ్ వేసింది" లాంటివి నిజంగా జరిగేవి.

టేబుల్ టెన్నిస్‌లో బంతి తెరిచిన అరచేతిలో ఉండాలి. అక్కడి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరేసి, దిగేటప్పుడు కొట్టాలి. బంతి ముందు తన వైపు బల్లను తాకి తర్వాత అవతలి వైపు పడాలి. వాలీబాల్‌లో రిఫరీ విజిల్ వేశాక 8 సెకన్లలో సర్వ్ కొట్టేయాలి. మన ఊళ్లలో వాలీబాల్ సర్వ్‌కు "కొట్టడం" బాగా నప్పుతుంది, నిజంగానే చేత్తో కొడతారు కాబట్టి.

సర్వీస్ దగ్గర ఎక్కువగా వచ్చే తప్పు ఒకటుంది, కాస్త ఆగి చెప్పాలి. "సింధు ప్రత్యర్థి సర్వీస్‌ను బ్రేక్ చేసింది." టెన్నిస్‌లో ఒక గేమ్ మొత్తం ఒక్కరే సర్వ్ చేస్తారు. ఎదుటివారు సర్వ్ చేస్తున్న గేమ్ గెలిస్తే బ్రేక్ చేసినట్టు, తన గేమ్ తను గెలిస్తే సర్వీస్ నిలబెట్టుకున్నట్టు. బ్యాడ్మింటన్‌లో 2006 నుంచి ర్యాలీ పాయింట్ పద్ధతి. సర్వ్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవారికి పాయింటూ వస్తుంది, తర్వాతి సర్వూ వస్తుంది. బ్రేక్ చేయడానికి అక్కడ ఏమీ లేదు. "వరసగా అయిదు పాయింట్లు గెలిచింది", "ఆధిక్యంలోకి వచ్చింది" అనండి. 2019లో బాసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు ఒకుహారాను 21-7, 21-7తో ఓడించినప్పటి ఆట గురించి రాయాలన్నా ఆధిక్యం, వరస పాయింట్లు, ర్యాలీల నిడివి, ఇవే మీ సరుకు.

హాకీలో పెనాల్టీ కార్నర్ ఇంకో వల. కార్నర్‌లో గోల్ వైపు మొదటి దెబ్బ స్టిక్ ఊపి కొట్టే హిట్ అయితే, బంతి గోల్ గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. గోల్ లోపలి చెక్క పలక ఎత్తు అంతే. డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు. స్టిక్‌తో బంతిని నేల మీద ఈడ్చుకొచ్చి విసిరినట్టు పంపడం అది. కాబట్టి "పెనాల్టీ కార్నర్‌ను బలంగా హిట్ చేసి గోల్ పైమూలకు పంపాడు" అని రాస్తే చెల్లని గోల్‌ను మీరు చెల్లించినట్టు. బంతి పైమూలకు పోయిందంటే దాదాపుగా అది డ్రాగ్ ఫ్లిక్. "డ్రాగ్ ఫ్లిక్‌తో పైమూలకు పంపాడు" అనండి.

5. అయిందా, కాబోయిందా తేల్చుకోండి

తెలుగు క్రియకు ఉన్న సౌకర్యం ఇది. పట్టాడు, పట్టబోయాడు, పట్టుకున్నాడు, పట్టేశాడు: నాలుగూ నాలుగు సంగతులు. ఆట వార్తలో స్కోరు దీని మీదే ఆధారపడుతుంది. కబడ్డీ కూత ఒకటి తీసుకుని చూద్దాం.

అవతల ఆరుగురు డిఫెండర్లు ఉన్నారు. రైడర్ కూతకు వెళ్లాడు, 30 సెకన్ల సమయం ఉంది. ఒక కాలు బోనస్ గీత అవతల వేశాడు, వెనక కాలు గాల్లో ఉంది. ఆరుగురు ఉన్నారు కాబట్టి బోనస్ చెల్లుతుంది. తిరిగి వస్తుంటే కుడి మూలన నిలబడే డిఫెండర్, అంటే కుడి కార్నర్, అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు. రైడర్ ముందుకు పడి చేత్తో మధ్యగీతను అందుకున్నాడు. మొదట ఇలా రాస్తారు:

"రైడర్ బోనస్ చేశాడు. కుడి కార్నర్ అతన్ని ట్యాకిల్ చేశాడు. కానీ రైడర్ లైన్‌ను టచ్ చేసి రెండు పాయింట్లు స్కోర్ చేశాడు."

మూడు "చేశాడు"లు, ఒక "చేసి" సంగతి అటుంచండి. "ట్యాకిల్ చేశాడు" అంటే కబడ్డీలో పట్టేశాడనే, రైడర్ అవుటని, డిఫెన్స్‌కు పాయింటని. ఆ తర్వాతి వాక్యం దాన్ని కాదంటుంది. చదివేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. సరిచేస్తే:

"కూతకు వెళ్లి బోనస్ గీత దాటాడు. తిరిగొస్తుంటే కుడి కార్నర్ అతని చీలమండ పట్టుకున్నాడు. విడిపించుకోలేకపోయినా ముందుకు పడి చేత్తో మధ్యగీత అందుకున్నాడు. బోనస్ ఒకటి, కార్నర్ అవుటైనందుకు ఒకటి, రెండు పాయింట్లు."

అదే రైడర్ గీత అందుకోలేకపోతే "పట్టేశారు" అని రాయాలి. అప్పుడు కూడా బోనస్ పాయింట్ రైడర్ జట్టుకు ఉంటుంది, పట్టినందుకు డిఫెన్స్‌కు ఒకటి వస్తుంది. ఇద్దరికీ చెరొకటి అన్న సంగతి రాయకపోతే మీ స్కోరు, బోర్డు మీది స్కోరు కలవవు. ఇంకొకటి: ఇలా పట్టినదాన్ని "సూపర్ ట్యాకిల్" అనకూడదు. కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో డిఫెండర్లు ఉండి రైడర్‌ను పడితేనే ఆ పేరు, అదనపు పాయింటు. గట్టిగా పట్టాడన్న మెచ్చుకోలుకు దాన్ని వాడేవాళ్లున్నారు, తప్పు.

ఎవరూ ముట్టుకోకుండానే రైడర్ కాలు పక్కగీత బయట పడితే "పట్టారు" కాదు, "గీత దాటి అవుటయ్యాడు". కూత మధ్యలో ఆగిపోతే "కూత ఆగి అవుటయ్యాడు". పాయింట్ డిఫెన్స్‌కే వెళ్లినా, ఘనత ఏ డిఫెండర్ ఖాతాలోనూ వేయకండి.

6. ఇప్పుడు ఆటవారీగా రాసుకోండి

మీ జాబితా మొదలుపెట్టడానికి కొన్ని ఆటలు. పైన చెప్పినవి మళ్లీ రాయడం లేదు.

క్రికెట్: బౌలర్ బంతి వేస్తాడు, ఫీల్డర్ బంతి విసురుతాడు. పేపర్లు బౌలర్ కూడా "విసిరాడు" అని చాలాకాలంగా రాస్తున్నాయి, పాఠకులూ అలవాటుపడ్డారు. అయినా దూరంగా ఉండడం మంచిదని నా మాట. బౌలింగ్‌లో మోచేయి 15 డిగ్రీలకు మించి చాపితే అది విసరడమే, అంటే చెల్లని బౌలింగ్. బౌలర్ యాక్షన్ మీద అనుమానం వచ్చిన రోజున మీకు ఆ మాట మిగిలి ఉండాలి. పరుగులు తీయడం అంటే పిచ్ మీద పరిగెత్తి తెచ్చుకోవడం. ఫోర్, సిక్స్ కొడతారు, బాదుతారు. మొత్తం లెక్కకు "చేశాడు": "72 పరుగులు చేశాడు". బ్యాటర్ క్యాచ్ ఇస్తాడు, ఫీల్డర్ పడతాడు లేదా వదిలేస్తాడు. రనౌట్ అయిన బ్యాటర్‌ను బౌలర్ "వికెట్ తీశాడు" అని రాయకండి, అది బౌలర్ లెక్కలోకి రాదు.

చదరంగం: ఎత్తు వేయడం, పావును కదపడం, కొట్టడం లేదా చంపడం, చెక్ చెప్పడం. రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపేదాన్ని "కోట కట్టడం" అనొచ్చు, "క్యాస్లింగ్" కూడా వాడుకలో ఉంది. డ్రాకు ఒప్పుకోవడం వేరు, గేమ్ వదులుకోవడం వేరు. హంపి, హారిక గేముల వార్తల్లో "మట్టి కరిపించింది" అని తరచూ చూస్తాం. పై స్థాయిలో చాలా గేములు మాట్ దాకా పోవు, ఎదుటివారు ముందే వదులుకుంటారు. "41వ ఎత్తు తర్వాత ప్రత్యర్థి ఓటమి ఒప్పుకుంది" అనేది ఆ పరిస్థితికి సరైన మాట.

ఖోఖో: తరమడం, ఖో ఇవ్వడం, ముట్టుకుని అవుట్ చేయడం, స్తంభం తిరగడం. ఖో ఇచ్చేది తన జట్టులో కూర్చున్నవాడికి, వెనక నుంచి. "ప్రత్యర్థికి ఖో ఇచ్చాడు" అనే వాక్యం ఆటనే తలకిందులు చేస్తుంది.

వాలీబాల్: బంతి లేపడం, షాట్ కొట్టడం, బ్లాక్ చేయడం. పుస్తకాల్లోని స్పైక్‌ను మన గ్రౌండ్లలో ఎక్కువమంది షాట్ లేదా స్మాష్ అంటారు. ఏదో ఒకటి ఎంచుకుని వార్త చివరిదాకా అదే వాడండి.

విలువిద్య: విల్లు ఎక్కుపెట్టడం, బాణం సంధించడం, లాగడం, వదలడం. ఇక్కడ ఒక పక్కమాట. సంధించడం అంటే బాణాన్ని నారికి తగిలించడం. బాణం ఇంకా విల్లు దాటలేదు. "స్మాష్‌లు సంధించింది", "యార్కర్ సంధించాడు" అని రాస్తున్నప్పుడు మనం సగం పని మాత్రమే చెబుతున్నాం. వాడుక అయిపోయింది కాబట్టి వేరే ఆటల్లో గొడవ పడను. కానీ జ్యోతి సురేఖ పోటీ గురించి రాస్తూ "పదో బాణం సంధించి 10 పాయింట్లు సాధించింది" అంటే నాకు బాణం గాల్లో కనబడదు. "వదిలింది" అనండి.

ఎక్కడ తప్పుతుంది

మూడు చోట్ల ఎక్కువ. మొదటిది, క్రికెట్ మాటలు అన్ని ఆటల్లోకీ పాకడం. ఫుట్‌బాల్ జట్టు "ఇన్నింగ్స్ ఆరంభించింది", బాక్సర్ "బౌండరీ బాదాడు" లాంటివి చమత్కారంగా రాస్తే సరే, తెలియక రాస్తే కాదు. రెండోది, వార్తకు ఊపు రావాలని ప్రతి క్రియనూ యుద్ధం చేయడం. కత్తి దూయడం, విరుచుకుపడడం, చీల్చి చెండాడడం ఒకే పేరాలో వస్తే ఎవరు ఏం చేశారో కనబడదు. ఒక పేరాకు అలాంటిది ఒకటి చాలు. మూడోది, ఒకే పనికి పది పేర్లు. స్మాష్ అని మొదలుపెట్టి తర్వాత షాట్, తర్వాత కిల్, తర్వాత దెబ్బ అంటే పాఠకుడు అవి వేర్వేరు అనుకుంటాడు. కవిత్వంలో మాట తిరిగి రాకపోవడం అందం కావచ్చు, మ్యాచ్ వార్తలో అది గందరగోళం.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

ఆట పేరు, ఆటగాడి పేరు, బంతి, షటిల్ లాంటి వస్తువుల పేర్లు వేలితో కప్పేసి వాక్యం చదవండి. "కాలు చాచి అందుకుని, వెంటనే మధ్యకు వచ్చి" అని మిగిలితే బ్యాడ్మింటన్ అని చెప్పేయొచ్చు. "అద్భుత ప్రదర్శనతో ఆకట్టుకుని" అని మిగిలితే ఏ ఆటైనా కావచ్చు, అంటే మీ క్రియ ఇంకా దొరకలేదు.

తర్వాత వాక్యాల నుంచి స్కోరు లెక్కకట్టండి. పై కబడ్డీ కూతలో మొదటి రూపాన్ని లెక్కిస్తే డిఫెన్స్‌కు కూడా ఒకటి వస్తుంది, బోర్డు మీద అది లేదు. అలా తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు దాదాపుగా ఒక క్రియలోనే ఉంటుంది.

చివరగా ఆ ఆట ఆడే మనిషికి ఫోన్లో చదివి వినిపించండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఇప్పుడు బంతి ఎక్కడుంది? పాయింట్ ఎవరికి?" అని అడగండి. జవాబు వెంటనే వస్తే ఆ వాక్యాన్ని నాలుగో వరుసలో ఖాయం చేయండి. ఒక్క క్షణం ఆగి "అంటే..." అని మొదలుపెడితే మళ్లీ వీడియో దగ్గరికి వెళ్లండి, మ్యూట్‌లోనే.